75కీ 65కీ మధ్య ఒక ఉత్తరం

సెమిస్టర్ చివర పరీక్ష ఫీజు కట్టే రోజులు దగ్గరపడగానే ఇంజనీరింగ్ కాలేజీల నోటీసు బోర్డు మీద ఒక జాబితా పడుతుంది. హాజరు 75 శాతానికి తగ్గినవాళ్ల రోల్ నంబర్లు అందులో ఉంటాయి. ఆ సాయంత్రం నుంచే ఆఫీసు కిటికీ దగ్గర పిల్లలు, తల్లిదండ్రులు గుమిగూడతారు. క్లాసులు ఎగ్గొట్టి తిరిగినవాళ్లతో పాటు డెంగీతోనో, పచ్చకామెర్లతోనో, కాలు విరిగో మంచం పట్టి లేచినవాళ్లూ ఆ వరుసలోనే నిలబడాలి. జాబితాకు ఆ తేడా తెలియదు. తెలియజెప్పాల్సింది విద్యార్థి రాసే ఉత్తరమే. దాన్ని కండోనేషన్ దరఖాస్తు అంటారు. అలాంటి ఉత్తరాలు చదివే బల్లకు అటువైపు కూర్చున్నవాడిగా చెబుతున్నాను: నిజంగా జబ్బుపడిన పిల్లలు కూడా చాలామంది దీన్ని సరిగా రాయలేక నష్టపోతున్నారు.

ముందుగా ఒక అపోహ తీసేయాలి. మెడికల్ సర్టిఫికెట్ పెడితే రాని రోజులకు కూడా అటెండెన్స్ వేస్తారని పిల్లలు అనుకుంటారు, సీనియర్లు అదే చెబుతారు. అలా వేయరు. హైదరాబాద్ జేఎన్‌టీయూ నిబంధనలనే తీసుకుందాం. సెమిస్టర్‌లోని సబ్జెక్టులన్నీ కలిపి సగటున 75 శాతం హాజరు ఉంటేనే పరీక్షకు అర్హత. 65కు తగ్గకుండా, 75కు లోపు ఉన్నవాళ్ల కొరతను సరైన కారణం, ఆధారం ఉంటే కాలేజీ అకడమిక్ కమిటీ మాఫీ చేయవచ్చు. దానికి నిర్ణీత రుసుము ఉంటుంది. 65 కంటే తగ్గితే మాత్రం ఏ పరిస్థితిలోనూ మాఫీ లేదని నిబంధనలోనే రాసి ఉంది. అంటే జబ్బు మీ హాజరును పెంచదు, దాటాల్సిన గీతను 75 నుంచి 65కు దించుతుంది. ఆ పది శాతం వెసులుబాటులోనే మీ జబ్బు ఇమడాలి.

మాఫీ దొరకకపోతే ఆ సెమిస్టర్ పరీక్షలు రాయనివ్వరు. విద్యార్థుల మాటల్లో ‘డిటైన్’ అవుతారు. ఆ సెమిస్టర్ రిజిస్ట్రేషన్, అందులో వచ్చిన ఇంటర్నల్ మార్కులు అన్నీ రద్దవుతాయి. అదే సెమిస్టర్ మళ్లీ నడిచినప్పుడు రీఅడ్మిషన్ తీసుకోవాలి. సాధారణంగా అది ఏడాది తర్వాతి మాట. ఒక ఉత్తరం మీద ఇంత ఆధారపడి ఉంది కాబట్టే దాన్ని జాగ్రత్తగా రాయాలంటున్నాను.

ఒక ఉదాహరణ వేసుకుని చూద్దాం. సీఎస్ఈ రెండో ఏడాది చదువుతూ హాస్టల్లో ఉంటున్న అమ్మాయి అనుకోండి. రోజుకు ఆరు పీరియడ్లు, సెమిస్టర్‌లో 90 పనిదినాలు. మొత్తం 540 పీరియడ్లు. మొదటి 31 రోజుల్లో ఆమె అప్పుడప్పుడూ 22 పీరియడ్లు మానేసింది. ఊళ్లో పెళ్లి, ఒక పండగకు ముందు రోజు, రెండు మధ్యాహ్నాలు తలనొప్పి. ఫిబ్రవరి 10న జ్వరం, వాంతులు పట్టుకున్నాయి. హాస్టల్ దగ్గరి క్లినిక్‌లో చూపించుకుని ఇంటికి వెళ్లింది. 12 నాటికి కళ్లు పచ్చబడ్డాయి. ఏరియా ఆసుపత్రిలో రక్తపరీక్ష చేస్తే బిలిరుబిన్ 8.6 ఉంది. మామూలుగా అది ఒకటికి కాస్త అటూఇటూగా ఉండాలి. 17 వరకు ఆసుపత్రిలో ఉంచి, తర్వాత ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోమన్నారు. మార్చి 10న డాక్టర్ మళ్లీ చూసి, కాలేజీకి వెళ్లవచ్చని రాసిచ్చారు. ఆదివారాలు, శివరాత్రి సెలవు పోగా పోయినవి 24 పనిదినాలు. అంటే 144 పీరియడ్లు.

మార్చి 11న ఆమె క్లాసులో అడుగుపెట్టేసరికి జరిగిన పీరియడ్లు 330, ఆమె హాజరైనవి 164. యాభై శాతం కూడా లేదు. ఇక్కడే చాలామంది పిల్లలు చేతులెత్తేస్తారు. ఎలాగూ డిటైన్ అవుతాను కదా అని మిగతా క్లాసులూ మానేస్తారు. నిజానికి ఆ రోజు చూడాల్సిన అంకె యాభై కాదు. సెమిస్టర్ ముగిసేసరికి ఎంత అవుతుందో చూడాలి. ఇంకా 210 పీరియడ్లు మిగిలున్నాయి. ఒక్కటీ వదలకుండా వస్తే 164కు 210 కలిపి 374. దాన్ని 540తో భాగిస్తే 69.26 శాతం. 75 దాటదు గానీ 65కు పైనే ఉంది, అంటే కమిటీ చేయి అందే దూరంలోనే ఉంది.

ఇంకో మెట్టు లెక్క కూడా చేయాలి. 540లో 65 శాతం అంటే 351. ఆమె అందుకోగలిగిన గరిష్ఠం 374. తేడా 23 పీరియడ్లు, నిండా నాలుగు రోజులు కూడా కాదు. తిరిగి వచ్చాక ఇంకో నాలుగు రోజులు మానేస్తే ఎంత నిజమైన జబ్బయినా, ఎంత పెద్ద ఆసుపత్రి కాగితమైనా పనికిరాదు. జబ్బుకు ముందు సరదాగా మానేసిన ఆ 22 పీరియడ్ల బరువు కూడా ఇప్పుడే తెలుస్తుంది. అవి 46 అయి ఉంటే, తర్వాత ఒక్క క్లాసూ మానకపోయినా ఆమె 65 కిందే ఉండేది. సెమిస్టర్ మొదట్లో క్లాసులు మానేవాళ్లు తెలియకుండానే తమ జబ్బు సెలవును ముందే వాడేసుకుంటున్నారు. ఒక చిన్న ఊరట కూడా ఉంది. 2022 నాటి హైదరాబాద్ జేఎన్‌టీయూ నిబంధనల్లో, మిడ్ పరీక్ష రాసినవాళ్లకు ఆ థియరీ సబ్జెక్టులో రెండు పీరియడ్ల హాజరు లెక్కలోకి తీసుకోవాలని ఉంది. పైన వేసిన లెక్కలో దాన్ని కలపలేదు. అంచున ఉన్నవాళ్లు అది తమ ఖాతాలో పడిందో లేదో చూసుకోవాలి. అలాగే వచ్చిన రోజున రానట్టు పడిందా, ఎన్‌ఎస్‌ఎస్‌కో ఆటలకో వెళ్లిన రోజులకు ఆన్ డ్యూటీ వేశారా అన్నదీ ఉత్తరం రాయకముందే సరిచేయించుకోవాలి. తప్పుల దిద్దుబాటు హక్కు, మాఫీ విన్నపం. రెండూ ఒకే కాగితంలో కలిపితే రెండూ పలచబడతాయి.

ఇక ఆధారాల సంగతి. కమిటీ కూర్చున్నప్పుడు మొదట చూసేది ఉత్తరంలోని భాషను కాదు, తేదీలను. హాజరు పట్టీలో ఆబ్సెంట్ పడిన తేదీలను ఒకవైపు, ఆసుపత్రి కాగితాల మీది తేదీలను మరోవైపు పెట్టి చూస్తారు. రెండూ కలిస్తే అనుమానానికి తావుండదు. మన ఉదాహరణలోని అమ్మాయి దగ్గర ఫిబ్రవరి 10 నాటి క్లినిక్ ఓపీ చీటీ, 12 నాటి రక్తపరీక్ష రిపోర్టు, 12 నుంచి 17 వరకు ఆసుపత్రిలో ఉన్నట్టు డిశ్చార్జి సమ్మరీ, మార్చి 10 దాకా విశ్రాంతి అవసరమని సర్టిఫికెట్, అదే రోజు ఇచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉన్నాయి. మొదటి రెండు రోజులకు ఆసుపత్రి కాగితం లేకపోయినా ఓపీ చీటీ ఆ ఖాళీని పూడుస్తుంది. అది చిన్న కాగితమే. చాలామంది పారేసేదీ దాన్నే.

సర్టిఫికెట్ మీద డాక్టర్ సంతకం, ముద్రతో పాటు రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు విశ్రాంతి అవసరమో స్పష్టంగా ఉండాలి. ‘కొద్దిరోజులు విశ్రాంతి అవసరం’ అన్న మాటతో కమిటీ ఏమీ చేయలేదు. డాక్టర్ల వృత్తి ప్రవర్తనపై 2002లో వచ్చిన నిబంధనల ప్రకారం, తాను ఇచ్చిన మెడికల్ సర్టిఫికెట్ల వివరాలను ప్రతి డాక్టరూ ఒక రిజిస్టర్‌లో రాసుకోవాలి, కాపీ ఉంచుకోవాలి. కాలేజీ అడిగితే ఆ సర్టిఫికెట్ నిజమైనదో కాదో తేలిపోతుంది. ఈ పిల్లవాడికి ఒక సర్టిఫికెట్ ఇప్పించండి అని తెలిసిన డాక్టర్‌ను బతిమాలే తల్లిదండ్రులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. దొంగ సర్టిఫికెట్ ఇస్తే ఆ డాక్టర్ పేరు కౌన్సిల్ రిజిస్టర్ నుంచి తొలగించే అవకాశం ఉంది. అదే నిబంధనల్లో విద్యార్థికి పనికొచ్చేది మరొకటి ఉంది. రోగి గానీ, రోగి తరఫువాళ్లు గానీ వైద్య రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. డిశ్చార్జి సమ్మరీ పోయిందని దిగులు పడనక్కర్లేదు, ఆసుపత్రికి వెళ్లి కాపీ అడగండి.

మన ప్రాంతంలో దీనికి సంబంధించి తరచూ చూసే బాధ ఒకటుంది. పచ్చకామెర్లు అనగానే పల్లెల్లో పసరు మందుకు తీసుకెళతారు. జ్వరమైతే ఊళ్లోని ఆర్‌ఎంపీ ఇంటికొచ్చి సూది వేస్తాడు, సెలైన్ ఎక్కిస్తాడు. పిల్లవాడు నాలుగు వారాలు నిజంగానే మంచంలో ఉంటాడు, చేతిలో ఒక్క కాగితమూ ఉండదు. ఆర్‌ఎంపీ రాసిచ్చిన చీటీ చెల్లదు, ఆయన మెడికల్ కౌన్సిల్‌లో నమోదైన డాక్టర్ కాదు. కోలుకున్నాక పట్నంలో పెద్ద డాక్టర్ దగ్గరికి వెళ్లి గడిచిన నెల రోజులకు సర్టిఫికెట్ అడిగితే ఆయన ఇవ్వకూడదు, తాను చూడని జబ్బుకు ఆయన సాక్ష్యం చెప్పలేడు. వైద్యం మాట వైద్యులే చెప్పాలి, నేను చెప్పేది కాగితం మాట. కళ్లు పచ్చబడిన రోజే దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో ప్రభుత్వ ఆసుపత్రికో వెళ్లి ఓపీ చీటీ తీసుకుని, పరీక్ష చేయించండి. కొన్నిసార్లు కామెర్లు కాలేయాన్ని ప్రమాదకరంగా దెబ్బతీస్తాయి, అది చూసుకోవడానికైనా ఆ పరీక్ష కావాలి. అప్పటికే రోజులు గడిచిపోయి ఉంటే, జబ్బు పూర్తిగా తగ్గేలోపైనా వెళ్లండి. ఆ రోజు తాను చూసినదీ, రిపోర్టులో తేలినదీ డాక్టర్ రాయగలుగుతారు. కొంత కాలానికైనా ఆధారం దొరుకుతుంది.

ఉత్తరం ఎప్పుడు ఇవ్వాలన్నది ఎలా రాయాలన్నంత ముఖ్యం. నిజానికి రాయాల్సినవి రెండు. మొదటిది, జబ్బు పడిన ఒకటి రెండు రోజుల్లో తల్లిదండ్రులు క్లాస్ ఇన్‌చార్జికి పంపే సమాచారం. ‘మేడమ్, మా అమ్మాయిని ఆసుపత్రిలో చేర్చాం, కామెర్లని చెప్పారు’ అని ఫోన్లో చెప్పి, అదే మాట వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో పెడితే తేదీ నిలుస్తుంది. విద్యార్థి తిరిగి చేరిన రోజే కాగితాల జిరాక్సులన్నీ చిన్న లేఖతో ఇచ్చేయాలి. రెండోది, సెమిస్టర్ చివర హాజరు శాతం తేలాక ఇచ్చే కండోనేషన్ దరఖాస్తు. మొదటిది లేకుండా రెండోది మాత్రమే వస్తే, మార్చిలో తగ్గిన జబ్బు మే నెలలో ఎందుకు గుర్తొచ్చిందని కమిటీలో ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ప్రశ్న అన్యాయమేమీ కాదు.

మన ఉదాహరణలోని అమ్మాయి చివర్లో ఇచ్చే దరఖాస్తు ఇలా ఉంటే చాలు. కాలేజీలు మామూలుగా ఇంగ్లీషులో అడుగుతాయి. ఏ భాషలో రాసినా వరుస ఇదే.

*ప్రిన్సిపాల్ గారికి, క్లాస్ ఇన్‌చార్జి, విభాగాధిపతి గార్ల ద్వారా.*

*విషయం: అనారోగ్యం వల్ల తగ్గిన హాజరును మాఫీ చేయవలసిందిగా విన్నపం.*

*అయ్యా, నేను సీఎస్ఈ రెండో సంవత్సరం రెండో సెమిస్టర్ విద్యార్థినిని. ఈ సెమిస్టర్‌లో జరిగిన 540 పీరియడ్లలో 374కు హాజరయ్యాను. నా హాజరు 69.26 శాతం.*

*ఫిబ్రవరి 10 నుంచి మార్చి 10 వరకు పచ్చకామెర్లతో బాధపడ్డాను. ఫిబ్రవరి 12 నుంచి 17 వరకు ఏరియా ఆసుపత్రిలో చికిత్స పొందాను. తర్వాత డాక్టర్ సలహా మేరకు ఇంటి వద్ద విశ్రాంతి తీసుకున్నాను. ఈ కాలంలో 24 పనిదినాలు, అంటే 144 పీరియడ్లు రాలేకపోయాను. ఈ విషయం మా నాన్నగారు ఫిబ్రవరి 12న క్లాస్ ఇన్‌చార్జి గారికి తెలియజేశారు. మార్చి 11న తిరిగి చేరినప్పుడు వైద్య పత్రాలు సమర్పించాను.*

*అనారోగ్య కాలం పోగా మిగిలిన 396 పీరియడ్లలో 374కు హాజరయ్యాను. తిరిగి చేరిన తర్వాత ఒక్క పీరియడ్ కూడా మానలేదు. పోయిన ల్యాబ్ ప్రయోగాలు సంబంధిత అధ్యాపకుల అనుమతితో పూర్తిచేసి రికార్డు సమర్పించాను.*

*కావున నిబంధనల ప్రకారం నా హాజరు కొరతను మాఫీ చేసి, సెమిస్టర్ పరీక్షలు రాయడానికి అనుమతించవలసిందిగా కోరుతున్నాను. నిర్ణీత రుసుము చెల్లిస్తాను. ఓపీ చీటీ, రక్తపరీక్ష రిపోర్టు, డిశ్చార్జి సమ్మరీ, మెడికల్ సర్టిఫికెట్, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ జిరాక్సులు జతచేశాను. అసలు పత్రాలు అడిగినప్పుడు చూపగలను.*

*విద్యార్థిని సంతకం, రోల్ నంబరు, తేదీ. తండ్రి లేదా తల్లి సంతకం, ఫోన్ నంబరు.*

ఈ ఉత్తరంలో అన్నిటికంటే బలమైన వాక్యం మూడో పేరాలో ఉంది. 396లో 374 అంటే 94 శాతం పైన. ఒంట్లో బాగున్న రోజుల్లో ఈ అమ్మాయి క్లాసుకు వచ్చేదా అన్నదే కమిటీ మనసులోని అసలు ప్రశ్న. దానికి అడక్కముందే అంకెల్లో జవాబు వచ్చేసింది. ఇదే లెక్క ఒక్కోసారి ఎదురు తిరుగుతుంది. జబ్బు రోజులు తీసేశాక కూడా 75 రాకపోతే, హాజరు తగ్గడానికి కారణం జబ్బొక్కటే కాదని కమిటీకి తెలిసిపోతుంది. అలాంటప్పుడు దాచిపెట్టడం కంటే మిగతా గైర్హాజరుకు కారణం ఒక వాక్యంలో నిజాయితీగా రాయడమే మేలు.

ఇందులో లేనివి కూడా చూడండి. మా ఇంట్లో పేదరికం అని లేదు. జీవితం నాశనమైపోతుందని లేదు. అవి నిజం కావచ్చు, కమిటీలో కూర్చున్నవాళ్లకూ పిల్లలున్నారు. కానీ నిబంధన వాళ్లను అడిగేది సరైన కారణం, దానికి ఆధారం. ఆ రెండూ పక్కాగా ఉన్న ఉత్తరం మీద సంతకం పెట్టడం సులువు. ‘పోయిన ఏడాది ఫలానావాళ్లకు ఇచ్చారు కదా’ అన్న వాక్యం మాత్రం అస్సలు వద్దు. అది చదవగానే చర్చ మీ జబ్బు మీద నుంచి వేరేవాళ్ల మీదకు పోతుంది.

జబ్బు పేరు అందరికీ తెలియడం ఇష్టం లేనివాళ్లుంటారు. క్షయ, డిప్రెషన్, ఆడపిల్లల ఆరోగ్య సమస్యలు ఉన్నప్పుడు ఆ సంకోచం సహజం. అప్పుడు ఉత్తరంలో ‘వైద్యుల పర్యవేక్షణలో చికిత్స పొందాను’ అని మాత్రం రాసి, సర్టిఫికెట్‌ను అంటించిన కవరులో పెట్టి ప్రిన్సిపాల్ గారికే నేరుగా ఇవ్వండి. సైకియాట్రిస్టు కూడా రిజిస్టర్డ్ డాక్టరే. ఆయన సర్టిఫికెట్‌కు ఎముకల డాక్టర్ సర్టిఫికెట్‌కున్న విలువే ఉండాలి. కాలేజీలు ఈ విషయంలో ఇంకా వెనకబడే ఉన్నాయని నా అభిప్రాయం.

కండోనేషన్ వచ్చినంత మాత్రాన అన్నీ సర్దుకోవు. జబ్బు రోజుల్లో మిడ్ పరీక్ష పోతే దానికి విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. హాజరు మాఫీతో ఆ మార్కులు రావు. ఫీజు రీయింబర్స్‌మెంట్ పొందేవాళ్లకు ఆ పథకంలో కూడా 75 శాతం హాజరు షరతు ఉంటుంది. కాబట్టి స్కాలర్‌షిప్ చూసే విభాగంలో కూడా ముందే మాట్లాడుకోవాలి. రుసుము కట్టిన రసీదును మాఫీ ఉత్తర్వు అనుకోవడం ఇంకో పొరపాటు. కమిటీ ఆమోదించిందో లేదో అడిగి తెలుసుకోవాలి.

జేఎన్‌టీయూ లెక్క అన్ని చోట్లా అదే అనుకోవద్దు. లా కాలేజీల్లో బార్ కౌన్సిల్ నియమం ప్రకారం ప్రతి సబ్జెక్టులో విడివిడిగా 70 శాతం కావాలి. అసాధారణ కారణాలుంటే, ఆ సబ్జెక్టులో 65, అన్నీ కలిపి 70 ఉన్నవాళ్లను అనుమతించవచ్చు. ఒక సబ్జెక్టులో తగ్గినదాన్ని మరోదాంతో పూడ్చుకునే వీలు అక్కడ తక్కువ. మీ కోర్సు నిబంధనల పుస్తకంలో హాజరు పేరుతో ఉన్న ఒకటి రెండు పేజీలు సెమిస్టర్ మొదట్లోనే చదవండి.

లెక్క వేశాక 65 కూడా అందదని తేలితే, ప్రిన్సిపాల్ చుట్టూ, ఎమ్మెల్యే సిఫారసు ఉత్తరాల చుట్టూ తిరగకండి. కమిటీకి లేని అధికారాన్ని ఎవరూ ఇవ్వలేరు. ఒంట్లో ఇంకా నీరసంగా ఉంటే ఆ సెమిస్టర్ వదిలేసి పూర్తిగా కోలుకుని, రీఅడ్మిషన్‌కు ఎప్పుడు దరఖాస్తు చేయాలో, మారిన సిలబస్‌లో ఏ సబ్జెక్టులు అదనంగా రాయాల్సి వస్తుందో ఆఫీసులో కనుక్కోండి. ఆ నిర్ణయం త్వరగా తీసుకున్నవాళ్లు డబ్బు, కాలం రెండూ కొంత మిగుల్చుకుంటారు.

కాలేజీలకు ఒక విన్నపం. దరఖాస్తు తిరస్కరిస్తే ఎందుకు తిరస్కరించారో ఒక్క వాక్యమైనా రాసివ్వండి. కిటికీ దగ్గర ‘అవ్వదమ్మా’ అని పంపేస్తే, ఆ పిల్ల సరిచేసుకోగలిగిన లోపమేదో ఆమెకు ఎప్పటికీ తెలియదు. విద్యార్థులకు చెప్పేదొక్కటే. దరఖాస్తు రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి ఆఫీసులో ఇచ్చి, రెండోదాని మీద అందినట్టు తేదీతో ముద్ర, సంతకం వేయించుకోండి. ఆ కాపీని హాల్‌టికెట్ వచ్చేదాకానే కాదు, ఫలితాలు వచ్చేదాకా దాచండి.